అన్నమయ్య కీర్తన నేనే పాడి పెడితే ఎవరో హిందీ భజన వాళ్లు క్లెయిమ్ వేశారు, అప్పీల్ నొక్కాలా వద్దా?

గోదారిగొంతు

అందరికీ నమస్తే. మాది రాజమండ్రి దగ్గర. స్కూల్లో లెక్కలు చెప్తాను, సాయంత్రాలు పాడుకుంటాను. మూడు నెలల క్రితం ఒక అన్నమయ్య కీర్తన ఇంట్లోనే రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టాను. గొంతు నాది, కీబోర్డు మా బావమరిది, తంబూరా ఫోన్ యాప్, తబలా మాత్రం డబ్బు పెట్టి కొన్న లూప్, అంటే ఎవరో ముందే వాయించి రికార్డు చేసి అమ్మే ముక్క. వ్యూస్ బాగానే వస్తున్నాయి, ఈలోగా కాపీరైట్ క్లెయిమ్ అని మెయిల్. చూస్తే నేను జన్మలో వినని ఒక హిందీ లోఫై భజన పేరు ఉంది. వీడియోకి వచ్చే యాడ్ డబ్బంతా వాళ్లకే పోతుందట.

కోపం వచ్చి అప్పుడే డిస్‌ప్యూట్ చేశాను. కారణాల్లో `Public domain` ఎంచుకుని, అన్నమయ్య 1503లో పరమపదించారు, ఆయన పాట మీద మీకేం హక్కు అని రాశాను. ఇరవై రెండో రోజున క్లెయిమ్ సరైనదే అని తిప్పికొట్టారు. ఇప్పుడు అప్పీల్ చేసుకోమని చూపిస్తోంది. అది నొక్కితే స్ట్రైక్ పడి చానల్ పోతుందని మావాడొకడు భయపెట్టాడు. రెండు రోజులుగా ఇదే టెన్షన్.

ఇంకో చిత్రం కూడా ఉంది. నేనే రాసి, నేనే బాణీ కట్టిన పాట ఒకటి డిస్ట్రిబ్యూటర్ ద్వారా అన్ని యాప్‌లలోకీ పంపాను. దాని వీడియో నా చానల్లో పెడితే దానికీ క్లెయిమ్! సొంత పాట మీద సొంత చానల్లో! ఇదెక్కడి న్యాయం?

కీబోర్డు_శీను

మాష్టారూ, డిస్క్రిప్షన్‌లో "నో కాపీరైట్ ఇన్‌ఫ్రింజ్‌మెంట్ ఇంటెండెడ్" అని పెట్టారా? నేను పెళ్లి బ్యాండ్ పాటలన్నిటికీ పెడతాను, సగం వాటికి ఏమీ రాలేదు.

శ్రుతిపెట్టె

శీనూ, ఆ లైను లారీ వెనక "నన్ను ఏడిపించకు" అని రాసుకోవడం లాంటిది. రాసుకున్నవాడికి తృప్తి, అంతే. క్లెయిమ్ వేసేది చాలావరకు మెషిన్, అది డిస్క్రిప్షన్ చదవదు, ఆడియో వింటుంది.

మాష్టారూ, ముందు కంగారు తగ్గించుకోండి. మీకు వచ్చింది కంటెంట్ ఐడీ క్లెయిమ్, అంటే ఆడియోలు పోల్చే యూట్యూబ్ మెషిన్ వేసింది, స్ట్రైక్ కాదు. క్లెయిమ్ ఆ ఒక్క వీడియో డబ్బు గురించి, స్ట్రైక్ మీ చానల్ గురించి. పది క్లెయిములు ఉన్నా చానల్ పోదు. అప్పీల్ గురించి తర్వాత చెప్తాను, ముందు నాకొకటి కావాలి. యూట్యూబ్ స్టూడియోలో ఆ వీడియో దగ్గర క్లెయిమ్ వివరాలు తెరిస్తే, మీ వీడియోలో ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా మ్యాచ్ అయిందో చూపిస్తుంది. అది చెప్పండి. ఆ సమయంలో ఏం మోగుతోందో కూడా.

లాపాయింట్

ఇంత చర్చ దేనికండీ? మన చట్టంలోనే ఉంది. కాపీరైట్ చట్టం 31సి సెక్షన్, 2012 సవరణలో వచ్చింది. పాట రికార్డయి అయిదేళ్లు దాటితే ఎవరైనా కవర్ చేసుకోవచ్చు, ఓనర్ ఒప్పుకోకపోయినా పర్లేదు. ఆ సెక్షన్ రాసి అప్పీల్‌లో పడేయండి, దెబ్బకి వదిలేస్తారు.

వాణి_నెల్లూరు

నేను సంగీతం చెప్తాను. ఒక మాట చెప్పాలి, మాష్టారు నొచ్చుకోకూడదు. "అన్నమయ్య పాట" అని మనం ఒక్క ముద్దగా అనేస్తాం గానీ అందులో సాహిత్యం మాత్రమే అన్నమయ్యది. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద పాట, దాని పైన రాగం పేరు ఉన్నాయి, స్వరం లేదు. ఆయన ఎలా పాడారో ఎవరికీ తెలియదు. ఈ రోజు మనం పాడుకునే బాణీల్లో చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవే. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు స్వరపరిచినవి ఉన్నాయి, ఆయన 1979లో పోయారు. ఆ తర్వాత వాళ్లవి ఇంకా చాలా ఉన్నాయి, వాళ్లలో కొందరు మొన్నమొన్నటి వాళ్లు. మాష్టారూ, మీరు పాడిన బాణీ ఎవరిది?

గోదారిగొంతు

@వాణి_నెల్లూరు అమ్మా, నిజం చెప్పాలంటే ఈ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. చిన్నప్పుడు రేడియోలో విన్నదే మనసులో ఉండిపోయింది, అదే పాడాను.

@శ్రుతిపెట్టె గారూ, చూశాను. 0:41 నుంచి 1:36 వరకు, మళ్లీ 3:02 నుంచి 3:40 వరకు చూపిస్తోంది. విచిత్రం ఏంటంటే 0:41 దగ్గర నేను ఇంకా పాడటమే మొదలుపెట్టలేదు. తంబూరా మీద తబలా, కీబోర్డు. 3:02 దగ్గర కూడా రెండో చరణానికి ముందు ఖాళీలో తబలా.

శ్రుతిపెట్టె

దొంగ దొరికాడు. నేను కొన్నేళ్లు ఒక మ్యూజిక్ లేబుల్ డిజిటల్ విభాగంలో పని చేశాను, ఇలాంటివి రోజుకు అరడజను చూసేవాళ్లం.

మ్యాచ్ అయింది మీ గొంతు కాదు, బాణీ కాదు, తబలా లూప్. మీరు కొన్న లూప్‌నే ఆ హిందీ భజన వాళ్లు కూడా కొన్నారు. లూప్ అమ్మేవాడు ఒక్కరికే అమ్మడు కదా, వెయ్యి మందికి అమ్ముతాడు. వాళ్లు ఆ పాటను డిస్ట్రిబ్యూటర్ ద్వారా పంపుతూ కంటెంట్ ఐడీ పెట్టెలో టిక్ పెట్టేశారు. దాంతో ఆ పాట మొత్తం, లూప్‌తో సహా, వాళ్ల సొంత ఆస్తి అన్నట్టు యూట్యూబ్ దగ్గర నమూనాగా చేరింది. ఇక ఆ లూప్ ఎక్కడ ఒంటరిగా మోగినా మెషిన్ పట్టుకుంటుంది. పాట మధ్యలో మీ గొంతు పైన ఉన్నప్పుడు పోలిక చెడిపోతుంది కాబట్టి అక్కడ పట్టుకోలేదు. అందుకే ఖాళీల్లోనే చూపిస్తోంది.

నమ్మకం కుదరకపోతే ఒక పరీక్ష చేయండి. ఆ తబలా లూప్ ఒక్కటే, నిమిషం పాటు, ఏదైనా నల్ల బొమ్మ మీద పెట్టి ప్రైవేట్‌గా అప్‌లోడ్ చేయండి. గొంతు వద్దు, తంబూరా వద్దు. అదే భజన పేరుతో మళ్లీ క్లెయిమ్ వస్తే సందేహం తీరిపోయినట్టే. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని వీడియో తీసేయండి.

ఇక మీ డిస్‌ప్యూట్ ఎందుకు పోయిందంటే, మీరు చెప్పిన కారణం క్లెయిమ్‌కి సంబంధం లేనిది. వాళ్లు అన్నమయ్య మీద హక్కు అడగలేదు. "మా రికార్డింగ్ మీ వీడియోలో ఉంది" అన్నారు. మీరు "అన్నమయ్య చనిపోయారు" అన్నారు. అవతల కూర్చున్న కుర్రాడు తమ ఫైలు, మీ వీడియో పక్కపక్కన పెట్టి విన్నాడు, రెండింట్లో ఒకే తబలా మోగింది, తిప్పికొట్టాడు. `License` అని ఎంచుకుని లూప్ కొన్న రసీదు సంగతి రాసి ఉంటే కథ వేరేగా ఉండేది.

లాపాయింట్

అంటే 31సి అక్కర్లేదంటారా?

శ్రుతిపెట్టె

ఇక్కడైతే అక్కర్లేదు. కానీ మీరు దాన్ని చెప్పిన తీరు చూసి ఎవరైనా దెబ్బతింటారేమోనని రాస్తున్నా. అయిదేళ్ల మాట నిజమే, మొదటి రికార్డింగ్ వచ్చిన సంవత్సరం ముగిశాక అయిదేళ్లు. ఆ తర్వాత ఉన్నది కూడా చదవాలి. ముందే నోటీసు ఇవ్వాలి. రాయల్టీ ముందుగా కట్టాలి, అది కూడా ఏడాదికి కనీసం యాభై వేల కాపీలకు లెక్కగట్టి. సాంకేతికంగా తప్పనిసరి అయితే తప్ప పాటను మార్చకూడదు, మార్చాలంటే ఓనర్ ఒప్పుకోవాలి. లెక్కల పుస్తకాలు ఉంచాలి. ఇది క్యాసెట్లు, సీడీలు అచ్చేసే కంపెనీలను దృష్టిలో పెట్టుకుని రాసిన సెక్షన్. పైగా అది సౌండ్ రికార్డింగుకే. మీరు కెమెరా ముందు కూర్చుని పాడుతూ వీడియో తీస్తే దానికి ఆ సెక్షన్ గొడుగు పట్టదు. ఇంట్లో కూర్చుని సినిమా పాట పాడుకునే వాడు "అయిదేళ్లు దాటింది కాబట్టి ఫ్రీ" అనుకుంటే అది చట్టం ఇచ్చినది కాదు.

లాపాయింట్

యాభై వేల కాపీల మాట నిజమే, ఇప్పుడే చూశాను. కానీ ఆన్‌లైన్లో కాపీ అంటే ఏంటి? స్ట్రీమ్ ఒక కాపీయా? అది చట్టంలో తేల్చలేదు, కాబట్టి వాదించడానికి చోటుంది అంటాను.

శ్రుతిపెట్టె

చోటుంది, కోర్టుకి వెళ్లే ఓపిక ఉంటే. మాష్టారికి ఇప్పుడు కావలసింది అది కాదు.

డాలస్_రాముడు

ఇక్కడ అమెరికాలో ఈ బాధ లేదండీ. డిస్ట్రిబ్యూటర్‌కి పాటకింత అని కడితే కవర్ లైసెన్స్ వాళ్లే చూసుకుంటారు, ఓనర్ కాదనలేడు. నేను పాత తెలుగు సినిమా పాటలు నాలుగు అలాగే వేశాను. ఒకదానికి పల్లవి ఇంగ్లిష్‌లోకి మార్చి పాడాను కూడా, చాలా బాగా వచ్చింది. మాష్టారు కూడా అక్కడి డిస్ట్రిబ్యూటర్ దగ్గరే అలా కొనుక్కుంటే పోతుంది కదా?

శ్రుతిపెట్టె

రాముడుగారూ, మాష్టారు అడిగింది కవర్ లైసెన్స్ గురించి కాదు, అయినా మీరు తెచ్చారు కాబట్టి చెప్తాను, మీకే ఉపయోగం.

మీరనే లైసెన్స్ అమెరికా చట్టం 115వ సెక్షన్ కింద వచ్చేది. అది అమెరికా లోపల ఆడియో అమ్మడానికి, స్ట్రీమ్ చేయడానికి. 2021 నుంచి అక్కడి స్ట్రీమింగ్ సర్వీసులు ఒక్క గంపగుత్త లైసెన్స్ కింద ఆ డబ్బు ఎమ్మెల్సీ అనే సంస్థకు కడుతున్నాయి. ఇండియాకు ఆ లైసెన్స్ రాదు. వీడియోకు అసలే రాదు. అందుకే మీ పాట ఆడియో యాప్‌లో హాయిగా ఉండి, అదే పాట వీడియోగా పెట్టినప్పుడు క్లెయిమ్ పడుతుంది.

ఇక ఇంగ్లిష్ పల్లవి. ఆ లైసెన్స్ కింద మీ పద్ధతికి తగ్గట్టు కాస్త వాయిద్యాలు సర్దుకోవచ్చు, అంతే. సాహిత్యం అనువదించడం వేరే రచన తయారు చేయడం, దానికి పబ్లిషర్ అనుమతి విడిగా కావాలి. ఎవరూ పట్టించుకోకపోతే సరే, పట్టించుకున్న రోజు ఆ పాటే ముందు పోతుంది.

డాలస్_రాముడు

అబ్బా. మా ఆవిడకి చెప్పొద్దు, పల్లవి రాసింది తనే.

కీబోర్డు_శీను

మరి నా సంగతి? నేను యూట్యూబ్‌లో దొరికే కరోకే ట్రాక్ మీద మా సింగర్‌తో పాడించి పెడతాను. కొన్నిటికి క్లెయిమ్ వస్తుంది గానీ వీడియో ఉంటుంది. కొన్ని మాత్రం ఇండియాలో బ్లాక్ అంటాయి.

శ్రుతిపెట్టె

కరోకే ట్రాక్ ఎవరో చేసిన రికార్డింగ్. అంటే నీ వీడియోలో రెండు వేరు వేరు ఆస్తులు ఉన్నాయి. పాట, అంటే సాహిత్యం బాణీ, ఒకరిది. ట్రాక్ రికార్డింగ్ ఇంకొకరిది. యూట్యూబ్‌కి చాలామంది పాట ఓనర్లతో ఒప్పందాలు ఉన్నాయి కాబట్టి కవర్లను తీసేయకుండా క్లెయిమ్ వేసి డబ్బు తీసుకుని వదిలేస్తారు. నీ చానల్ డబ్బులొచ్చే చానల్ అయితే కొన్ని కవర్లకు నీకూ వాటా ఇస్తారు, స్టూడియోలో ఆ వీడియో దగ్గర రెవెన్యూ షేర్‌కి అర్హత ఉందని చూపిస్తుంది. కానీ ఆ వాటా రావాలంటే వాయిద్యాలు కూడా నీ బ్యాండే వాయించాలి. కరోకే ట్రాక్ పెట్టిన వెంటనే ఆ దారి మూసుకుపోతుంది. నువ్వు కీబోర్డు వాయించేవాడివి, నీకు కరోకే ఎందుకయ్యా?

బ్లాక్ చేయాలా, డబ్బు తీసుకోవాలా అన్నది ఓనర్ ఇష్టం, దేశానికొక రకంగా పెట్టుకోవచ్చు. అందుకే ఒకటి ఉంటుంది, ఒకటి పోతుంది.

కీబోర్డు_శీను

మా డ్రమ్మర్ రిహార్సల్‌కి రాడు, అందుకు.

గోదారిగొంతు

పరీక్ష చేశాను. ఉత్త తబలా పెట్టి ప్రైవేట్‌గా అప్‌లోడ్ చేస్తే కాసేపట్లోనే అదే భజన పేరు వచ్చింది! స్క్రీన్‌షాట్ తీశాను. లూప్ కొన్న రసీదు మెయిల్లో ఉంది, ప్యాక్ పేరు, లైసెన్స్ షరతుల పీడీఎఫ్ కూడా ఉన్నాయి. ఇప్పుడు అప్పీల్ చేయనా? స్ట్రైక్ భయం ఇంకా పోలేదండీ, ఇన్నేళ్ల చానల్.

శ్రుతిపెట్టె

ఇప్పుడు చేయొచ్చు. భయం ఎక్కడ ఉందో తెలిస్తే సగం పోతుంది, కాబట్టి దారి మొత్తం చెప్తాను.

డిస్‌ప్యూట్ దశలో వాళ్లకు ముప్పై రోజులు ఉంటాయి. జవాబివ్వకపోతే క్లెయిమ్ దానంతట అదే పోతుంది. మీ విషయంలో ఇచ్చారు. అప్పీల్ దశలో వాళ్లకు ఏడు రోజులే. ఆ ఏడు రోజుల్లో వాళ్లు మౌనంగా ఉన్నా, వదిలేసినా మీరు గెలిచినట్టు. లేదా వాళ్లు "తీసేయండి" అని చట్టపరమైన అర్జీ పెట్టాలి. పెట్టి, అది చెల్లితే వీడియో పోయి స్ట్రైక్ పడుతుంది. మీవాడు భయపెట్టింది దీని గురించే, పూర్తిగా అబద్ధం కాదు. దానికి కూడా కౌంటర్ నోటీసు ఉంది, కానీ అందులో మీ అసలు పేరు, చిరునామా అవతలి వాళ్లకు వెళ్తాయి. ఆ తర్వాత వాళ్లు అమెరికా లెక్కన పది పనిదినాల్లో కోర్టుకు వెళ్లినట్టు చూపించాలి, లేకపోతే వీడియో తిరిగి వస్తుంది. మూడు స్ట్రైకులు ఒకేసారి చెల్లుబాటులో ఉంటేనే చానల్ ప్రమాదంలో పడేది.

లూప్ మీద తీసివేత అర్జీ పెట్టే దాకా వెళ్లరు మామూలుగా, ఎందుకంటే ఆ లూప్ తమది కాదని వాళ్లకీ తెలుసు.

రాసేటప్పుడు అన్నమయ్యను తీసుకురాకండి. బాధ, కోపం, ఎన్నేళ్ల చానల్, ఏవీ వద్దు. నాలుగు వాక్యాలు చాలు, ఇంగ్లిష్‌లో రాస్తే వాళ్లు చదువుతారు. ఇలాంటివి:

```
The matched sound (0:41-1:36, 3:02-3:40) is a
tabla loop from a commercial sample pack, licensed to me
non-exclusively. I sing; my brother-in-law plays the keyboard.
The claimant's track uses the same loop, so it is not
exclusive to them and is not valid Content ID reference
material. Invoice and licence terms are available.
```

ప్యాక్ పేరు, కొన్న తేదీ మీరు కలపండి.

ఇంకో ముక్క. డబ్బు గురించి. క్లెయిమ్ వచ్చిన అయిదు రోజుల్లోపు డిస్‌ప్యూట్ చేస్తే మొదటి రోజు నుంచీ వచ్చిన డబ్బు ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెడతారు. అయిదు రోజులు దాటాక చేస్తే డిస్‌ప్యూట్ చేసిన రోజు నుంచే. మీరు కోపంలో చేశారు కాబట్టి టైమ్‌కే చేశారు, ఆ ఒక్క మేలు జరిగింది.

జగిత్యాల_పిల్ల

నాది కూడా ఇట్లాంటిదే కానీ ఇంకా గజిబిజి. మా అవ్వ నాట్లేసేటప్పుడు పాడే పాట, మా ఊర్లో అందరికీ వచ్చు. నేను డప్పు, కంజీర పెట్టి ఫోన్లో రికార్డు చేసి పెట్టిన. లూపులు ఏం లేవు, డప్పు మా బాపు కొట్టిండు. ఒక లేబుల్ వాళ్లు క్లెయిమ్ వేశారు. వాళ్లు అదే పాటను ముందే స్టూడియోలో చేసి పెట్టారట. వివరాల్లో రికార్డింగ్ కాదు, పాట స్వరం కలిసింది అన్నట్టు చూపిస్తోంది. మా అవ్వ పాట వాళ్లది ఎట్లయితది?

శ్రుతిపెట్టె

మీది నిజంగానే వేరు. మెషిన్‌కి రికార్డింగును పోల్చడమే కాదు, రాగం నడకను పోల్చడం కూడా వచ్చు, అందుకే ఎవరు పాడినా కవర్లను పట్టుకోగలుగుతుంది. లేబుల్ ఆ పాటను తమ సొంత రచనగా నమోదు చేసి ఉంటుంది. సంప్రదాయ జానపదం అయితే బాణీ మీద ఎవరికీ హక్కు లేదు. కానీ వాళ్లు కొత్త చరణాలు రాయించి, బాణీ కొంచెం మార్చి ఉంటే ఆ మార్చిన భాగం వాళ్లదే. ఇక్కడ ప్రశ్న ఏంటంటే, మీరు పాడింది అవ్వ పాటనా, లేబుల్ పాటనా?

మీరు `Public domain` ఎంచుకోవాల్సింది ఇలాంటి చోటే, మాష్టారు కాదు. కానీ ఉత్త మాటతో కాదు. వాళ్ల పాట రాకముందు ఎవరైనా పాడిన రికార్డింగ్, పాత క్యాసెట్, జానపద గేయాల పుస్తకంలో అచ్చయిన పాఠం, ఏదైనా ఉందా?

జగిత్యాల_పిల్ల

పుస్తకంలో ఉందో లేదో తెల్వదు. అవ్వ పాడింది మా పెదనాన్న కూతురు పెళ్లి వీడియోలో ఉండాలె, క్యాసెట్ అది. ఒక్క మాట మాత్రం నిజం, రెండో చరణంలో ఒక లైను నేను లేబుల్ పాట నుంచే తీసుకున్న, అవ్వకి ఆ లైను గుర్తు లేకుండె.

శ్రుతిపెట్టె

అయితే డిస్‌ప్యూట్ చేయకముందే ఆ లైను తీసేసి మళ్లీ పాడి పెట్టండి. ఆ ఒక్క లైనుతో మీ వాదన అంతా కూలుతుంది.

వాణి_నెల్లూరు

నా ప్రశ్నకు జవాబు రాలేదు, అందరూ తబలా మీద పడ్డారు. మాష్టారి బాణీ రాళ్లపల్లివారిదే అయితే ఏం చేయాలి? చట్టం ప్రకారం రచయిత పోయాక అరవై ఏళ్లు కదా, ఆ లెక్కన 2039 చివరి దాకా ఆ బాణీకి రక్షణ ఉన్నట్టే. మరి మా విద్యార్థులంతా నేరస్తులేనా?

లాపాయింట్

అమ్మా, ఇంట్లో, క్లాసులో నేర్పడం, పాడటం వేరు, దానికి మినహాయింపులున్నాయి. ఆన్‌లైన్లో పెట్టి యాడ్ డబ్బు తీసుకోవడం వేరు. ఇది మాత్రం నేను గట్టిగానే చెప్పగలను.

శ్రుతిపెట్టె

లాపాయింట్ ఈసారి కరెక్ట్. వాణిగారూ, మీ లెక్క కూడా కరెక్టే. ఎవరు బాణీ కట్టారో తెలిస్తే డిస్క్రిప్షన్‌లో వాళ్ల పేరు రాయడం మర్యాద, కానీ పేరు రాసినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు. హక్కు ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో, కుటుంబం దగ్గరా, ప్రచురించిన సంస్థ దగ్గరా అన్నది బాణీ బాణీకీ మారుతుంది, ఇక్కడ కూర్చుని తేల్చలేం. పూర్తిగా నిశ్చింతగా ఉండాలంటే రాగిరేకు సాహిత్యం తీసుకుని సొంతంగా బాణీ కట్టుకోవాలి. అప్పుడు ఆ బాణీ మీదే అవుతుంది కూడా.

వాణి_నెల్లూరు

సొంత బాణీ కట్టడం అంటే యూట్యూబ్ వీడియో ఎడిట్ చేసినంత తేలిక కాదండీ. సరే, మీ మాట విన్నాను. ఒప్పుకున్నానని కాదు.

గోదారిగొంతు

అప్పీల్ పంపేశాను నిన్న రాత్రి, మీరు రాసిచ్చినట్టే. చూద్దాం. ఈలోగా నా సొంత పాట సంగతి ఎవరూ చెప్పలేదు.

శ్రుతిపెట్టె

అది తేలిక. మీ పాటను పంపేటప్పుడు మీరు కూడా కంటెంట్ ఐడీ పెట్టెలో టిక్ పెట్టి ఉంటారు. దాంతో మీ తరఫున మీ డిస్ట్రిబ్యూటర్ ప్రపంచమంతా వెతుకుతాడు, మీ చానల్ కూడా ప్రపంచంలో భాగమే కదా. మీ చానల్ ఐడీ ఇచ్చి, ఈ చానల్‌ను మినహాయించండి అని వాళ్ల సపోర్టుకు రాయండి. ఆ ఐడీ `UC`తో మొదలవుతుంది, స్టూడియో సెట్టింగ్స్‌లో ఉంటుంది. పెట్టిన వీడియో మీద పడ్డ క్లెయిమ్ కూడా వదలమని అదే మెయిల్లో అడగండి. డిస్‌ప్యూట్ చేయకండి, మీ మీద మీరే కేసు వేసుకున్నట్టు ఉంటుంది.

కానీ మాష్టారూ, ఒక అనుమానం. ఆ సొంత పాటలో తబలా ఎవరు వాయించారు?

గోదారిగొంతు

...అదే లూప్ ప్యాక్.

కీబోర్డు_శీను

అయిపోయాం.

శ్రుతిపెట్టె

అదే అనుకున్నా. ఇన్ని రోజులూ మీరు కూడా ఊళ్లో వాళ్ల మీద తప్పుడు క్లెయిములు వేస్తూ ఉండొచ్చు, మీకు తెలియకుండానే. ఆ లూప్ కొన్న ఏ పిల్లాడి భక్తి పాట మీదైనా మీ పేరుతో క్లెయిమ్ వెళ్లి ఉంటుంది. మీ లూప్ లైసెన్స్ పీడీఎఫ్ చదవండి, చాలా ప్యాకుల్లో కంటెంట్ ఐడీలో నమోదు చేయకూడదని రాసే ఉంటుంది. యూట్యూబ్ నియమం కూడా అదే, నమూనాగా ఇచ్చే ఫైలులో పూర్తిగా మీకే చెందిన ధ్వనులు ఉండాలి. లూపులు, కరోకే, లైబ్రరీ సంగీతం, ఏవీ పనికిరావు.

డిస్ట్రిబ్యూటర్ డ్యాష్‌బోర్డులో డిస్‌ప్యూట్ల మెయిళ్లు ఏమైనా వచ్చాయేమో చూడండి. పాట యాప్‌లలో ఉండనివ్వండి, దానికి ఇబ్బంది లేదు. కంటెంట్ ఐడీ ఒక్కటే తీసేయమనండి.

గోదారిగొంతు

చూశాను. సిగ్గుగా ఉంది. స్పామ్‌లో రెండు మెయిళ్లు ఉన్నాయి. ఒకటి ఎవరో మరాఠీ అభంగం పాడుకున్న ఆయన. "ఈ తబలా నేను కొన్నది" అని రాశారు. నేను జవాబివ్వకపోయేసరికి ముప్పై రోజులు దాటి దానంతట అదే పోయిందట. రెండోది ఇంకా నడుస్తోంది, వదిలేయమని వెంటనే రాశాను. కంటెంట్ ఐడీ తీసేయమని కూడా పంపాను. లైసెన్స్ పీడీఎఫ్‌లో ఏడో పేజీలో ఉంది, నమోదు చేయరాదని. ఎవరు చదువుతారండీ ఏడో పేజీ.

డాలస్_రాముడు

లెక్కల మాష్టారు చదవాలి.

గోదారిగొంతు

అప్‌డేట్: అప్పీల్ పంపిన అయిదో రోజున క్లెయిమ్ వదిలేశారు. పక్కన పెట్టిన డబ్బు నాకే వస్తుందని చూపిస్తోంది. @శ్రుతిపెట్టె గారూ, రుణపడి ఉంటాను.

అయితే ఇవాళ పొద్దున అదే వీడియోకి ఇంకో క్లెయిమ్. ఈసారి వేరే వాళ్లు, ఏదో ధ్యానం ఆల్బమ్. మళ్లీ 0:41.

శ్రుతిపెట్టె

ఆ లూప్ ఉన్నంత కాలం ఇలా వస్తూనే ఉంటాయి. ఈసారి మొదటి డిస్‌ప్యూట్‌లోనే `License` పెట్టి అదే పేరా వేయండి, ఇవాళే వేయండి, అయిదు రోజులు గుర్తుందిగా. తర్వాత పాటలకైతే మనిషిని పెట్టి తబలా వాయించుకోండి. వాయించినాయన దగ్గర ఆ రికార్డింగ్ మీరు వాడుకోవచ్చని చిన్న కాగితం మీద సంతకం కూడా తీసుకోండి. లేకపోతే రేపు ఆయన అబ్బాయితో ఇంకో థ్రెడ్ మొదలవుతుంది.

గోదారిగొంతు

వేశాను. మా ఊళ్లో ఆలయంలో వాయించే ఆయన ఒప్పుకున్నారు, ఆదివారం వస్తానన్నారు. కాగితం అంటే నవ్వారు గానీ సంతకం పెడతానన్నారు.

జగిత్యాల_పిల్ల

నాది కూడా చెప్తా. పెళ్లి క్యాసెట్ దొరికింది, కానీ ప్లేయర్ లేదు. కరీంనగర్‌లో ఎవరో క్యాసెట్లను కంప్యూటర్‌కి ఎక్కిస్తారట, తీసుకపోయిన. అవ్వ పాడిన చోట సగం బ్యాండు మేళం మోత. బాణీ వినబడుతుందా అంటే వినబడుతుంది, మాటలు మాత్రం సగమే. ఇది సాక్ష్యంగా చెల్లుతుందా?

లాపాయింట్

క్యాసెట్ మీద పెళ్లి తేదీ ఉందా?

జగిత్యాల_పిల్ల

శుభలేఖ ఉంది.

శ్రుతిపెట్టె

శుభలేఖ, క్యాసెట్ రెండూ స్కాన్ చేసి పెట్టుకోండి. లేబుల్ పాట ఏ సంవత్సరంలో వచ్చిందో ముందు కనుక్కోండి, అది తెలియకుండా ఏమీ చెప్పలేను.

జగిత్యాల_పిల్ల

కనుక్కొని వస్తా.